డీడీతో పంపే లేఖ: ఈ డబ్బు ఏ బిల్లుకు?

డిమాండ్ డ్రాఫ్టును ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. డబ్బు ఎవరికి చేరాలో ఉంటుంది. ఎంత చేరాలో అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఉంటుంది. తేదీ, ఆరంకెల నంబరు, జారీ చేసిన బ్రాంచి, చెల్లించే ఊరు అన్నీ ఉంటాయి. రిజర్వు బ్యాంకు ఆదేశంతో 2018 సెప్టెంబరు 15 నుంచి డీడీ తీసినవారి పేరు కూడా ముందువైపే అచ్చవుతోంది. అంతకుముందు అదీ ఉండేది కాదు. ఇన్ని ఉన్నా ఈ డబ్బు దేనికి పంపారన్న సంగతి మాత్రం డీడీ మీద ఎక్కడా ఉండదు. ఆ ఖాళీని పూరించేది డీడీకి జతచేసే కవరింగ్ లెటర్.

ఆ లేఖను చాలామంది మర్యాద కాగితంగానే చూస్తారు. 'ఇందువెంట డీడీ పంపుచున్నాము, అందినట్లు తెలుపగలరు' అని రెండు ముక్కలు రాసి కవరు అంటించేస్తారు. ఇచ్చేది ఒకే బాకీ అయితే అంతటితో సరిపోతుంది. అదే సరఫరాదారుకు రెండు మూడు బిల్లులు బాకీ ఉండి, అందులో ఒకదాని మీద పేచీ కూడా నడుస్తుంటే, ఆ రెండు ముక్కల లేఖ మన చేతిలోని హక్కునొకదాన్ని అవతలివాళ్లకు అప్పగించేసినట్టే.

సంగతి తేలిగ్గా అర్థం కావడానికి ఒక ఉదాహరణ అల్లుకుందాం. చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీ ఉంది, భాగస్వామ్య సంస్థ. బెంగళూరులోని ఒక యంత్రాల కంపెనీ వాళ్లకు విడిభాగాలు అమ్ముతుంది, మరమ్మతులూ చేస్తుంది. ఎప్పుడో ఒక చెక్కు వెనక్కి వచ్చిందని ఆ కంపెనీ డీడీ తప్ప మరేదీ తీసుకోనంటోంది. 2025 జూన్ చివరికి ఫ్యాక్టరీ ఇవ్వాల్సిన బిల్లులు మూడు. మొదటిది 612/24-25 నంబరు బిల్లు, 2025 జనవరి 18 నాటిది, రూ.41,300. అది డైమండ్ సెగ్మెంట్లకు వేసిన బిల్లు. అడిగిన గ్రేడు పంపలేదనీ, తొందరగా అరిగిపోయాయనీ ఫ్యాక్టరీ ఫిబ్రవరిలోనే లేఖ రాసింది, జవాబు రాలేదు. రెండోది 147/25-26, జూన్ 6 నాటిది. లైన్ పాలిషర్ మరమ్మతుకు కూలి రూ.80,000, దాని మీద 18 శాతం జీఎస్టీ రూ.14,400, మొత్తం రూ.94,400. పని బాగా చేశారు, ఇందులో పేచీ లేదు. మూడోది 198/25-26, జూన్ 20 నాటిది, రూ.23,600, దానికింకా గడువుంది.

ఫ్యాక్టరీ ఇప్పుడు తీర్చాలనుకున్నది రెండో బిల్లును. అయితే డీడీ తీసేది రూ.94,400కి కాదు. పని కాంట్రాక్టు చెల్లింపు గనుక 2 శాతం టీడీఎస్ కోయాలి. బిల్లులో జీఎస్టీ విడిగా చూపినప్పుడు ఆ కోత జీఎస్టీ మీద పడదు, పని విలువ మీదే పడుతుంది. రూ.80,000 మీద 2 శాతం రూ.1,600. అది పోగా డీడీ రూ.92,800. డీడీ కమీషన్ సంగతి మీ ఇద్దరి మధ్య ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. ఏ ఒప్పందమూ లేనప్పుడు దాన్ని బిల్లులోంచి కోసుకోకుండా పంపేవాళ్లే భరించడం వాడుక.

ఇప్పుడు ఈ డీడీ లేఖ లేకుండానో, రెండు ముక్కల లేఖతోనో బెంగళూరు చేరిందనుకోండి. అక్కడి అకౌంటెంటు కంప్యూటర్లో ఫ్యాక్టరీ ఖాతా తెరుస్తాడు. రూ.92,800 బిల్లు ఏదీ కనబడదు. ట్యాలీ వాడే ఆఫీసు అయితే రశీదు నమోదు చేసేటప్పుడు ఈ డబ్బు ఏ బిల్లుకని ఆ సాఫ్ట్‌వేర్ అడుగుతుంది. బిల్లు తెలిస్తే `Agst Ref` కింద దాని నంబరు ఎంచుకుంటాడు. తెలియకపోతే `On Account` కింద పడేస్తాడు, అంటే డబ్బు ఖాతాలోకి చేరినట్టే గానీ ఏ బిల్లూ తీరనట్టు. లేదా పాత బాకీ ముందు పోవాలి కదా అని 612 బిల్లుకు రూ.41,300 జమ చేసి, మిగిలిన రూ.51,500ను 147 బిల్లుకు వేస్తాడు. అతన్ని తప్పుపట్టలేం. నెలాఖరుకు పాత బాకీల పట్టీ చిన్నదిగా కనిపించాలని పైవాళ్లు అతన్ని అడుగుతూనే ఉంటారు.

దీని ఫలితం చూడండి. ఫ్యాక్టరీ పుస్తకాల్లో 147 బిల్లు పూర్తిగా తీరింది, మిగిలినవి పేచీలో ఉన్న రూ.41,300, కొత్త బిల్లు రూ.23,600, కలిపి రూ.64,900. కంపెనీ పుస్తకాల్లో పేచీ బిల్లు తీరిపోయింది, 147లో రూ.42,900 బాకీ, కొత్త బిల్లు రూ.23,600, కలిపి రూ.66,500. రెండు మొత్తాలకూ తేడా రూ.1,600, సరిగ్గా టీడీఎస్ అంత. తేడా చిన్నది కాబట్టి ఎవరూ కంగారు పడరు. కానీ లోపల జరిగింది పెద్ద మార్పే. సెగ్మెంట్ల గొడవ కాగితాల మీద మాయమైంది, పేచీ లేని మరమ్మతు బిల్లుకు బాకీదారుగా మిగిలింది ఫ్యాక్టరీ. ఆర్నెల్ల తర్వాత 'సెగ్మెంట్ల డబ్బు మీరే కట్టేశారుగా' అని కంపెనీ అంటే, కట్టలేదని చూపించడానికి చేతిలో ఏముంటుంది?

ఇలాంటి చిక్కుకు చట్టంలో స్పష్టమైన జవాబుంది, అదీ చాలా పాతది. 1872 నాటి భారతీయ కాంట్రాక్టు చట్టంలో 59, 60, 61 సెక్షన్లు ఈ ఒక్క విషయానికే ఉన్నాయి. ఒకే మనిషికి వేర్వేరు బాకీలు ఉన్నవాడు డబ్బిస్తూ, ఇది ఫలానా బాకీకని చెబితే, ఆ డబ్బు తీసుకున్న అవతలివాడు దాన్ని ఆ బాకీకే జమ కట్టాలి. అది 59. అంటే మొదట చెప్పే హక్కు డబ్బిచ్చేవాడిది. అతను చెప్పకుండా ఊరుకుంటే హక్కు పుచ్చుకునేవాడికి పోతుంది. ఇవ్వాల్సి ఉన్న బాకీల్లో తనకిష్టమైన దానికి జమ వేసుకోవచ్చు, కాలదోషం పట్టిన బాకీకైనా సరే. అది 60. ఇద్దరూ ఏమీ చెప్పకపోతే కాలక్రమంలో, పాతదానికి ముందు పోతుంది. అది 61.

60వ సెక్షన్లో కాలదోషం మాట దగ్గర కాస్త ఆగాలి. మూడేళ్లు దాటి, ఇక కోర్టుకెక్కినా వసూలు కాని బాకీ ఒకటి ఉందనుకోండి. మీరు నోరు విప్పకుండా డబ్బు పంపితే అవతలివాళ్లు ఆ చచ్చిన బాకీకి దాన్ని జమ వేసుకుని, బతికున్న బిల్లు మీద మళ్లీ మిమ్మల్ని అడగొచ్చు. అందుకు చట్టమే ఒప్పుకుంటోంది. పేచీలో ఉన్న బాకీ మాత్రం కొంచెం వేరు. అది నిజంగా ఇవ్వాల్సిన బాకీయేనా అని మీరు వాదించుకోవడానికి చోటుంది. ఒక్క వాక్యం రాసి ఉంటే అసలు రాని వాదన అది.

నేను చెప్పకపోయినా ఏ బిల్లుకో వాళ్లకే అర్థమవుతుందిలే అనేవాళ్లూ ఉంటారు. దానికీ చట్టం కొంత చోటిచ్చింది. నోటితో చెప్పనక్కర్లేదు, పరిస్థితులే చెప్పినా చాలని 59వ సెక్షన్ అంటుంది. అక్కడిచ్చిన ఉదాహరణల్లో ఒకటి ఇలా ఉంటుంది: ఒకడికి ఇంకొకడి దగ్గర ఉన్న బాకీల్లో ఒకటి 567 రూపాయలు. అప్పిచ్చినవాడు ఆ 567 ఇవ్వమని ఉత్తరం రాశాడు. ఇతను 567 పంపాడు. ఇక అది ఆ బాకీకే పోవాలి. అంకె అచ్చంగా సరిపోయినప్పుడు అంకే సాక్ష్యం చెబుతుందన్నమాట. మన ఉదాహరణలో ఆ ధీమా ఎక్కడ పోయిందో గమనించారా? బిల్లు రూ.94,400, డీడీ రూ.92,800. టీడీఎస్ కోతతో అంకె మారిపోయింది. ఈ రోజుల్లో కోతలు లేని చెల్లింపు తక్కువ. టీడీఎస్ ఒకటి, తిరిగి పంపిన సరుకు తాలూకు క్రెడిట్ నోటు ఇంకొకటి, ముందే ఇచ్చిన అడ్వాన్సు మరొకటి. అంకె సాక్ష్యం చెప్పలేని చోట లేఖే చెప్పాలి.

ఎప్పుడు చెప్పాలన్నదీ ముఖ్యమే. డబ్బిచ్చేటప్పుడే చెప్పాలి. డీడీ పంపి, వాళ్లు జమ వేసుకుని మీకు తెలియజేశాక 'అది ఆ బిల్లుకు కాదు' అని రాస్తే, అప్పటికి హక్కు చేతులు మారిపోయి ఉంటుంది. అందుకే లేఖ డీడీ ఉన్న కవరులోనే వెళ్లాలి.

మరి ఆ లేఖ ఎలా ఉండాలి? మన ఫ్యాక్టరీ రాయాల్సింది దాదాపు ఇలా:

తేదీ: 24-06-2025
అకౌంట్స్ మేనేజర్ గారికి,
విషయం: మీ బిల్లు నం. 147/25-26, తేదీ 06-06-2025 చెల్లింపు. మా కస్టమర్ కోడ్ 3082.
అయ్యా,
లైన్ పాలిషర్ మరమ్మతు పనికి మీరు పంపిన పై బిల్లు చెల్లింపుగా డీడీ నం. 482913, తేదీ 23-06-2025, రూ.92,800 (అక్షరాలా తొంభై రెండు వేల ఎనిమిది వందల రూపాయలు) జతచేస్తున్నాం. ఇది మా బ్యాంకు ఒంగోలు బ్రాంచి జారీ చేసినది, బెంగళూరులో చెల్లుతుంది.
పని విలువ: రూ.80,000
జీఎస్టీ 18 శాతం: రూ.14,400
బిల్లు మొత్తం: రూ.94,400
టీడీఎస్, రూ.80,000 మీద 2 శాతం: రూ.1,600
డీడీ మొత్తం: రూ.92,800
ఈ మొత్తాన్ని 147/25-26 బిల్లుకే జమ చేయగలరు. టీడీఎస్‌తో కలిపి ఆ బిల్లు దీంతో పూర్తిగా తీరుతుంది. 612/24-25 బిల్లుకు ఇందులోంచి ఏమీ జమ చేయవద్దు. ఆ బిల్లును మేం అంగీకరించలేదు. దానిపై 03-02-2025 నాటి మా లేఖలోని అభ్యంతరాలు అలాగే ఉన్నాయి.
టీడీఎస్ సొమ్మును జూలై 7లోగా ప్రభుత్వానికి జమ చేసి, ఫారం 16ఏ పంపుతాం. బిల్లు నంబరు చూపుతూ రశీదు పంపగలరు.

ఇంతే. సంతకం, హోదా, ముద్ర, ఫోను నంబరు కింద ఉంటాయి. మీరు ఇంగ్లీషులో రాసినా ఈ సరుకే ఉండాలి.

ఇందులో కొన్ని మాటలు ఎందుకున్నాయో చెప్పాలి. బిల్లు నంబరు పక్కన తేదీ వేయడం అలంకారానికి కాదు. జీఎస్టీ నియమాల ప్రకారం ఇన్‌వాయిస్ నంబరు పదహారు అక్షరాలు, అంకెలు మించకూడదు, ఒక ఆర్థిక సంవత్సరంలో మళ్లీ రాకూడదు. అంటే వచ్చే ఏడాది వరస మళ్లీ ఒకటి నుంచి మొదలు కావచ్చు. '147 నంబరు బిల్లు' అని మాత్రమే రాస్తే అది పోయినేడాది 147 కూడా కావచ్చు. ఇంకో పొరపాటు, తమ కొనుగోలు ఆర్డరు నంబరు రాసి అవతలివాళ్ల బిల్లు నంబరు మరిచిపోవడం. మన ఆర్డరు నంబరు మన ఫైల్లో సులువుగా దొరుకుతుంది. వాళ్ల కంప్యూటర్లో వెతికేది వాళ్ల నంబరుతోనే.

లేఖలో డీడీ నంబరు ఎందుకంటే, కవరు విప్పగానే ఈ రెండూ విడిపోతాయి. డీడీ బ్యాంకుకు వెళ్లే కట్టలో చేరుతుంది, లేఖ అకౌంట్స్ బల్ల మీదకు పోతుంది. డబ్బు ఖాతాలో పడ్డాక కంపెనీ బ్యాంకు స్టేట్‌మెంటులో డీడీ నంబరు, మొత్తం తప్ప దాదాపు ఏమీ ఉండదు. ఆ నంబరు లేఖలోనూ ఉంటేనే రెండింటినీ మళ్లీ జతచేయగలరు. డీడీ వెనుకవైపు పైమూలలో చిన్నగా బిల్లు నంబరు, ఫోను నంబరు రాసి పెట్టడం కూడా మంచిదే. ముందువైపు మాత్రం ఒక్క గీత కూడా గీయొద్దు. కింది అంచున యంత్రం చదివే అంకెల పట్టీ ఉంటుంది, అక్కడ పిన్ను కొట్టినా, మడత పెట్టినా క్లియరింగులో ఇబ్బంది. లేఖకు డీడీని క్లిప్పుతో పెడితే చాలు.

టీడీఎస్ లెక్కను విడివరుసలో చూపకపోతే ఆ రూ.1,600 వాళ్ల పుస్తకాల్లో 'తక్కువ చెల్లించారు' అనే బాకీగా మిగిలిపోతుంది. చిన్న మొత్తమే. కానీ అది ఉన్నంతకాలం 147 బిల్లు తెరిచే ఉంటుంది, ప్రతి నెలా రిమైండరు వస్తుంది.

పేచీ బిల్లు గురించిన వాక్యాల్లో జాగ్రత్త పడాల్సింది ఇంకొకటుంది. మొహమాటానికి 'మిగతా బాకీ త్వరలో పంపుతాం' అని రాసేస్తుంటారు. 1963 నాటి లిమిటేషన్ చట్టం ప్రకారం, గడువు లోపల బాకీదారు సంతకంతో బాకీని ఒప్పుకుంటూ రాసిన కాగితం ఉంటే కాలపరిమితి ఆ రోజు నుంచి మళ్లీ లెక్కకు వస్తుంది. కాబట్టి మీరు ఒప్పుకోని బిల్లును 'మిగతా బాకీ'లో కలిపి రాయకండి. ఒప్పుకోలేదని నేరుగా రాయండి, లేదా దాని ఊసెత్తకండి. అలాగే 'ఈ డబ్బుతో మా లెక్కలన్నీ చెల్లు' అన్న ధోరణి మాటలూ వద్దు. ఒక బిల్లు తీరిందని చెప్పడం వేరు, అన్ని లెక్కలూ తీరాయనడం వేరు. రెండోది అవతలివాళ్లు ఒప్పుకోకపోతే డీడీయే వెనక్కి పంపుతారు.

బిల్లు అడుగున చిన్న అక్షరాల్లో గడువు దాటితే వడ్డీ అని ఉంటే, మీ చెల్లింపు ఆలస్యమైతే, 'అసలుకే జమ చేయాలి' అన్న మాట కూడా చేర్చండి. ఎవరూ ఏమీ చెప్పనప్పుడు డబ్బు ముందు వడ్డీకీ తర్వాత అసలుకూ పోతుందన్నది కోర్టులు మామూలుగా అనుసరించే పద్ధతి. అయితే ఒప్పందంలోనే ఏది ముందు జమ కావాలో రాసి సంతకాలు చేసుకుని ఉంటే, మీ లేఖ దాన్ని కొట్టేయలేదు. బ్యాంకు అప్పుల కాగితాల్లో ఇలాంటి షరతు సాధారణం.

ఒకే డీడీతో నాలుగైదు బిల్లులు తీరుస్తుంటే ప్రతి బిల్లుకూ ఒక వరుస రాయాలి: నంబరు, తేదీ, బిల్లు మొత్తం, కోత, ఇప్పుడిస్తున్నది. చివరి వరుస కూడిక డీడీ మొత్తానికి పైసాతో సహా సరిపోవాలి. సరిపోకపోతే లేఖ ఉండీ లేనట్టే, అకౌంటెంటు దాన్ని పక్కనపెట్టి మళ్లీ పాత పద్ధతికే పోతాడు.

లేఖ సరిచేయలేనివి కొన్నున్నాయి. డీడీ మీద కంపెనీ పేరు తప్పుపడితే ఎంత మంచి లేఖ రాసినా బ్యాంకు ఒప్పుకోదు. బ్యాంకు కౌంటరు దగ్గరే పేరు బిల్లులో ఉన్నట్టు ఉందో లేదో చూసుకోవాలి. 2012 ఏప్రిల్ 1 నుంచి డీడీ చెల్లుబాటు జారీ తేదీ నుంచి మూడు నెలలే, అంతకుముందు ఆరు నెలలుండేది. పేచీ బిల్లు మీద పట్టుదలతో అవతలివాళ్లు డీడీని సొరుగులో పెట్టేస్తే ఆ గడువు గడిచిపోతుంది, అప్పుడు జారీ చేసిన బ్రాంచికి తెచ్చి కొత్త తేదీ వేయించుకోవాల్సిందే. రూ.50,000, అంతకు మించిన డీడీకి బ్యాంకు నగదు తీసుకోదు, ఖాతాలోంచే తీయాలి. చెల్లింపుకు సాక్ష్యంగా అది మనకు మేలే, మన పాస్‌బుక్కులోనూ ఆ జాడ ఉంటుంది.

కవరు పంపే ముందు డీడీకి రెండువైపులా జెరాక్సు, లేఖకు ఆఫీసు ప్రతి తీసి, పోస్టు రశీదుతో కలిపి 147 బిల్లు ఫైల్లోనే పెట్టండి. అదే రోజు లేఖ ఫోటోను వాళ్ల అకౌంట్స్ మెయిలుకు పంపండి. కవరులో లేఖ లేదని తర్వాత ఎవరైనా అంటే, ఆ మెయిలు తేదీ మీ తరఫున నిలబడుతుంది. నెఫ్ట్‌లో పంపినా ఈ మెయిలే మీ కవరింగ్ లెటర్, అక్కడి వివరాల గడిలో పట్టే నాలుగు మాటలు ఇంత లెక్క చెప్పలేవు.

ఇంత చేసినా డబ్బు వేరే బిల్లుకు పోయిందేమో ఎలా తెలుస్తుంది? రశీదు చూడాలి. 'మీ ఖాతాలో జమ' అని మాత్రమే ఉండి బిల్లు నంబరు లేకపోతే అనుమానించాలి. నెల తర్వాత వాళ్ల లెడ్జరు నకలు, బిల్లులవారీ బాకీల పట్టీ రెండూ తెప్పించండి. లెడ్జరు ఒక్కటే చూస్తే చాలదు, అందులో మొత్తాలే ఉంటాయి. తప్పు బయటపడేది బిల్లుల పట్టీలోనే. 147 ఎదురుగా రూ.42,900 కనిపించి 612 మాయమైతే సంగతి తేలిపోయినట్టే. అప్పుడు జూన్ 24 నాటి లేఖ ప్రతి జతచేసి, 59వ సెక్షన్ పేరు కూడా ప్రస్తావించి సవరించమని రాయాలి. ఇలా రాస్తే సాధారణంగా సవరిస్తారు, ఎందుకంటే వాళ్లకది ఒక జర్నల్ ఎంట్రీ పని.

ఈ పట్టీ సరిగా ఉండటంతో పన్ను చిక్కు కూడా ముడిపడి ఉంది. ఇన్‌వాయిస్ తేదీ నుంచి 180 రోజుల్లోగా సరఫరాదారుకు డబ్బు చెల్లించకపోతే, ఆ బిల్లు మీద తీసుకున్న జీఎస్టీ క్రెడిట్‌ను కొనుగోలుదారు వెనక్కి కట్టాలి, పైగా వడ్డీ. చెల్లించాక మళ్లీ తీసుకోవచ్చనుకోండి. 147 బిల్లు తీరిందని ఫ్యాక్టరీ అంటుంది, సగమే తీరిందని సరఫరాదారు పట్టీ అంటుంది. ఆడిటరు అడిగితే లేఖ, డీడీ నకలు, బిల్లు నంబరున్న రశీదు చూపాల్సి వస్తుంది. ఇటు 612 బిల్లు విషయంలో ఈ గడువు నిజంగానే జూలై మధ్యలో ముగుస్తోంది. పేచీ తేలకపోతే ఆ బిల్లు తాలూకు రూ.6,300 క్రెడిట్‌ను ఫ్యాక్టరీ వెనక్కి కట్టుకోవాలి. కట్టలేదని వాదిస్తూనే క్రెడిట్ ఉంచుకోవడం కుదరదు.

ఇక మార్చి 31 దాటగానే సరఫరాదారు ఆడిటర్ల నుంచి ఒక కాగితం వస్తుంది, మా లెక్క ప్రకారం మీ బాకీ ఇంత, సరేనంటే సంతకం చేసి పంపమని. దాని మీద ఒకే మొత్తం ఉంటుంది, బిల్లులు ఉండవు. రూ.1,600 తేడాయేగా అని సంతకం పెట్టేస్తే జూన్‌లో రాసిన లేఖకు ఎదురు మనమే సాక్ష్యం ఇచ్చినట్టవుతుంది. బిల్లులవారీ పట్టీ జతచేస్తేనే సంతకం చేస్తామని, 612 బిల్లును మినహాయించి మిగతాది ఒప్పుకుంటున్నామని రాసి పంపాలి.